మంగళగిరి చీర విదేశాలకు అమ్మేటప్పుడు బట్ట గురించి, అది ఒంటిమీద పడే తీరు గురించి ఏం రాయాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మాది తెనాలి. మంగళగిరి కాటన్ చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఈ మధ్య అమెరికా, ఇంగ్లండ్ నుంచి ఆర్డర్లు వస్తున్నాయి. చీర చేరాక కొందరు బిరుసుగా ఉందంటున్నారు, కొందరు పలచగా ఉందంటున్నారు, ఒకావిడైతే పొట్టిగా ఉందని వెనక్కి పంపేసింది. నేను ఫోటోలు ఎడిట్ కూడా చేయను. వివరణలో ఇంకేం రాయాలి?

సమాధానం:

వివరణలో ముందు మూడు కొలతలు పెట్టండి: చీర పన్నా, జాకెట్టు ముక్క తీసేశాక మిగిలే పొడవు, బరువు. ఈ మూడింటినీ రెండు సార్లు రాయాలి. మగ్గం మీంచి వచ్చిన గంజి చీరకు ఒకసారి, ఒక ఉతుకు తర్వాత ఒకసారి. మీకు వచ్చిన మూడు ఫిర్యాదులూ ఈ రెండో వరుస లేకపోవడం వల్ల వచ్చినవే అనుకుంటున్నాను. ఫోటోది తప్పు కాదు. ఫోటో గంజి చీరను ఒక్క క్షణం చూపిస్తుంది, కొన్నావిడ చీరతో ఏళ్ల తరబడి ఉంటుంది.

నేను విజయవాడలో ఉంటాను. మంగళగిరి నేతవాళ్ల దగ్గర చీరలు తీసుకుని బయటి దేశాలకు పంపడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. మొదటి రెండేళ్లు నేనూ ‘సాఫ్ట్ కాటన్, లైట్ వెయిట్, ప్రీమియం క్వాలిటీ’ అని రాసేదాన్ని. ఇక్కడ మన వన్‌టౌన్ షాపులో ఆ మాటలు చెల్లుతాయి, ఎందుకంటే కొనే మనిషి చీర అంచు పట్టుకుని, నలిపి, వేలి మీద వేసి చూసుకుంటుంది. మన మాట మీద కాదు, తన చేతి మీద నమ్మకంతో కొంటుంది. చికాగోలో కూర్చున్నావిడకు ఆ చెయ్యి లేదు. ఆవిడ చెయ్యి చేసే పనిని మన వివరణ చేయాలి.

‘సాఫ్ట్’ అనే మాటనే తీసుకోండి. పాలిస్టర్ జార్జెట్ అలవాటైన అమ్మాయికి సాఫ్ట్ అంటే నీళ్లలా జారేది. మా అమ్మగారి వయసు వాళ్లకి సాఫ్ట్ అంటే నాలుగేళ్లు ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర. మగ్గం మీంచి దిగిన మంగళగిరి చీర ఈ రెండూ కాదు. నేసే ముందే పడుగు దారానికి గంజి పడుతుంది, లేకపోతే సన్న నూలు అచ్చులో రాపిడికి నిలవదు. ఆ గంజి చీరలోనే ఉండిపోయి మనకు వస్తుంది. అందుకే కొత్త చీర చప్పుడు చేస్తుంది, మడత పెడితే మడత నిలుస్తుంది. మనకి అది కొత్తదనం. బయటి దేశంలో కొన్నావిడకు అది ‘బిరుసు’.

పన్నా గురించి ముందు చెబుతాను, ఎందుకంటే నేను ఎక్కువగా దెబ్బతిన్నది అక్కడే.

ఐదడుగుల పది అంగుళాల పొడుగున్న ఒకావిడ నెదర్లాండ్స్ నుంచి ఆకుపచ్చ చీర తీసుకున్నారు. పొడవు గురించి రెండుసార్లు అడిగారు, 6 గజాలు అని చెప్పాను. పన్నా గురించి ఆవిడా అడగలేదు, నేనూ రాయలేదు. చీర కట్టుకుని ఫోటో పంపారు. కుచ్చిళ్లు చీలమండ దగ్గరే ఆగిపోయాయి. ఆవిడ చాలా మర్యాదగా, ‘ఇది పిల్లల సైజా?’ అని అడిగారు. ఆ ఫోటో చూసి నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు. లెక్క వేస్తే తప్పు నాదే.

ఆవిడ ఎత్తు 178 సెంటీమీటర్లు. చీర దోపే చోటు నుంచి నేల దాకా కొలిపిస్తే 107 వచ్చింది. మడమ చెప్పులు 6. లోపలికి దోపడానికి కనీసం 5 కావాలి. మొత్తం 118. నేను పంపిన చీర పన్నా తర్వాత అదే మగ్గం చీర మీద కొలిచి చూస్తే 114 ఉంది. కొత్త చీరకే 4 తక్కువ. ఉతికితే ఇంకో మూడు పోతుంది, అంటే నేలకు 7 సెంటీమీటర్ల పైన. అదే చీర 160 సెంటీమీటర్ల మనిషికి బ్రహ్మాండంగా సరిపోయేది.

చీరకు సైజు ఉండదని మనం అనుకుంటాం. పొడవు విషయంలో ఆ మాట కొంతవరకు నిజం, ఎందుకంటే తేడా వస్తే కుచ్చిళ్లు, పైట సర్దుకుంటాయి. పన్నా విషయంలో సర్దుకునేది ఏమీ లేదు. లంగా కాస్త కిందకి కట్టుకుంటే మూడు నాలుగు సెంటీమీటర్లు వస్తాయి, అంతే. అందుకని ఇప్పుడు నా ప్రతి వివరణలోనూ ఈ వాక్యం ఉంటుంది: ‘చీర దోపుకునే చోటు నుంచి నేల దాకా కొలవండి, మీరు వేసుకునే మడమ ఎత్తు కలపండి, దోపడానికి 5 సెంటీమీటర్లు కలపండి. ఆ మొత్తం, ఉతికాక ఉండే పన్నా కన్నా రెండు సెంటీమీటర్ల మించి ఎక్కువైతే ఈ చీర మీకు పొట్టి అవుతుంది.’ ఆ రెండు ఎందుకంటే కుచ్చిళ్లు నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల పైన ఉంటేనే నడవడానికి బాగుంటుంది.

పొట్టిగా ఉండేవాళ్లకు ఇది తలకిందులవుతుంది. ఐదడుగుల మనిషికి దోపే చోటు నుంచి నేలకు 92 ఉంటుంది. 117 పన్నా చీరలో దోపడానికి ఐదు పోగా ఇరవై సెంటీమీటర్లు మిగులుతాయి, అది నడుం దగ్గర లోపలికి మడవాలి. జార్జెట్‌లో ఆ మడత కనపడదు. గంజి నూలులో పొట్ట దగ్గర ఉబ్బుతుంది. ‘ఉతికాక కట్టుకుంటే నడుం దగ్గర చక్కగా కూర్చుంటుంది’ అని రాయడం మన బాధ్యత.

పన్నా కొలిచేటప్పుడు ఒక చోట కొలిచి సరిపెట్టకండి. చేనేతలో చీర మొదట్లో, మధ్యలో, కొంగు దగ్గర పన్నా అరంగుళం దాకా మారుతుంది. నేసేటప్పుడు బట్ట లోపలికి ముడుచుకోకుండా రెండు అంచుల్నీ లాగి పట్టే కర్ర ఒకటి ఉంటుంది, దాని చివర్లలో సన్నని సూదులుంటాయి. నేత సాగేకొద్దీ నేతన్న ఆ కర్రను ముందుకు జరుపుతూ ఉంటాడు. జరపడం కాస్త ఆలస్యమైన చోట బట్ట కొద్దిగా ఇరుకవుతుంది. మూడు చోట్ల కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చినదే రాయండి. ఆ సూదుల గుర్తులు అంచు వెంబడి చిన్న చిన్న చిల్లుల్లా కనపడతాయి. వాటి ఫోటో ఒకటి దగ్గర్నుంచి తీసి, అవి ఏమిటో రాసి పెట్టండి. ఒకసారి ఒకావిడ వాటిని పురుగు కొట్టిన చిల్లులనుకుని డబ్బు వెనక్కి అడిగారు. నేను ముందే రాయకపోవడం వల్ల ఆవిడకు టెన్షన్, నాకూ టెన్షన్.

ఎక్కువ పన్నా కావాలని అడిగేవాళ్లు వస్తారు. ఒక్క చీరకు అది కుదరదు. పన్నా పడుగు ఎక్కించినప్పుడే నిర్ణయమైపోతుంది, ఆ పడుగు మీద వచ్చే చీరలన్నీ దాదాపు ఒకే పన్నాతో వస్తాయి. పొడుగువాళ్ల కోసం నేను ఒక పడుగంతా విడిగా చెప్పి నేయించుకుంటాను. మీకు ఆర్డర్లు పెరిగాక అలా ఆలోచించండి, ఇప్పుడే మాట ఇవ్వకండి.

పొడవు. ఇక్కడ గొడవంతా జాకెట్టు ముక్కతోనే. చాలామంది ‘6.3 మీటర్లు’ అని రాసి వదిలేస్తారు. అందులో 80 సెంటీమీటర్లు జాకెట్టు ముక్క. కట్టుకోవడానికి మిగిలేది ఐదున్నర మీటర్లు. అది లావుగా ఉండేవాళ్లకు ఎంత తేడా తెస్తుందో లెక్క వేసి చూపిస్తాను.

తుంటి చుట్టుకొలత 102 సెంటీమీటర్లు (40 అంగుళాలు) ఉన్న మనిషి అనుకోండి. మొదటి చుట్టుకు 110 పోతుంది. కుచ్చిళ్ల తర్వాత వెనక నుంచి మళ్లీ ముందుకు తిరిగే చుట్టుకు 100. నడుం నుంచి ఎడమ భుజం దాకా 65. భుజం మీంచి వెనక్కి మోకాలి దాకా వేలాడే కొంగుకు 95. మొత్తం 370. చీర 548 అయితే 178 మిగులుతుంది. అయిదంగుళాల వెడల్పు కుచ్చి ఒక్కోటి 25 సెంటీమీటర్ల బట్ట తింటుంది. ఏడు కుచ్చిళ్లు వస్తాయి, నిండుగా ఉంటుంది.

ఇప్పుడు తుంటి 127 (50 అంగుళాలు) ఉన్నావిడ. మొదటి చుట్టు 135, రెండోది 125, భుజం దాకా 72, కొంగు 95. మొత్తం 427. మిగిలేది 121, అంటే అయిదు కుచ్చిళ్లకు కూడా కాస్త తక్కువ. చీర ఉతికితే పొడవు 532కి దిగుతుంది, అప్పుడు నాలుగే. నాలుగు కుచ్చిళ్ల చీర నడకలో పట్టేస్తుంది, కారు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ఆవిడకు మార్గం ఉంది. జాకెట్టు ముక్క కొంగుకు అవతలి చివర, అంటే లోపలికి దోపుకునే చివర ఉంటే దాన్ని కత్తిరించకుండా వదిలేసి, జాకెట్టుకు వేరే బట్ట తీసుకోమని చెప్పాలి. ఆ 80 సెంటీమీటర్లూ మొదటి చుట్టులోకి వెళ్లిపోతాయి, బయటికి కనపడవు, కుచ్చిళ్లు మూడు పెరుగుతాయి. ముక్క కొంగు వైపు ఉంటే ఈ ఉపాయం పనికిరాదు. కాబట్టి జాకెట్టు ముక్క ఏ చివర ఉందో తప్పకుండా రాయండి. ఈ ఒక్క ముక్క రాయడం మొదలుపెట్టాక నాకు పెద్ద సైజు కస్టమర్లు నిలబడ్డారు. వాళ్లకు ఎవరూ ఇలా లెక్క కట్టి చెప్పరు, చీర తమకు కుదరదని వాళ్లే సర్దుకుపోతుంటారు. నాకు అది చాలా బాధనిపిస్తుంది.

జాకెట్టు ముక్క గురించి ఇంకో మాట. 80 సెంటీమీటర్లలో మా టైలర్ 38, 40 ఛాతీ దాకా మామూలు చేతులతో కుడతాడు. అంతకన్నా పెద్ద సైజుకు గాని, మోచేతి దాకా చేతులకు గాని చాలదు. అది కూడా రాసెయ్యండి.

మీరు అమెరికాకు పంపేటప్పుడు అంగుళాలు, ఇంగ్లండ్, యూరప్‌కు పంపేటప్పుడు సెంటీమీటర్లు రాస్తున్నారేమో, రెండూ పక్కపక్కనే రాయండి. ‘గజాలు’ ఒక్కటే రాయకండి. 6 గజాలంటే 5.49 మీటర్లు. 6.3 మీటర్లను ‘6 గజాల పైన’ అని రాస్తే జాకెట్టు ముక్క అందులో ఉందో బయట ఉందో ఎవరికీ తెలియదు.

ఇక బట్ట పడే తీరు. దీన్ని మాటల్లో పెట్టడం కష్టం. నేను చేసేది ఇది. బల్ల అంచు మీద చీరను ఒకే పొరగా పరిచి, సరిగ్గా 10 సెంటీమీటర్లు గాల్లోకి ఉండేలా జరుపుతాను. పక్కన స్కేలు నిలబెట్టి ఫోటో తీస్తాను. మగ్గం మీంచి వచ్చిన చీర చివర బల్ల మట్టం కన్నా ఆరు సెంటీమీటర్లు కిందకి వంగి ఆగుతుంది, గొడుగు రెక్కలా. అదే చీర ఒకసారి ఉతికి గంజి పెట్టకుండా ఆరేస్తే తొమ్మిదికి పైగా వంగుతుంది, అంటే దాదాపు నిలువుగా వేలాడుతుంది. అంచు జరీ లేని చోట, చీర మధ్యలో చూడాలి, జరీ ఉంటే లెక్క మారిపోతుంది. ఈ రెండు ఫోటోలూ పక్కపక్కన పెడితే ‘బిరుసు’, ‘సాఫ్ట్’ అనే మాటలే అవసరం లేదు. ఎంత బిరుసో, ఎప్పటిదాకా బిరుసో కళ్లకు కనపడుతుంది.

దాంతోపాటు పది సెకన్ల వీడియో ఒకటి. ఏడు కుచ్చిళ్లు చేతిలో పెట్టుకుని నడుం ఎత్తు నుంచి వదలాలి. గంజి చీర కుచ్చిళ్లు విసనకర్రలా విచ్చుకుని అలాగే నిలబడతాయి. ఉతికిన చీరవి కిందకి దిగి కాళ్లకు చేరతాయి. కొందరికి మొదటిది ఇష్టం. ఆఫీసుకి కట్టుకునేవాళ్లు, ఫోటోలు దిగేవాళ్లు గంజినే కోరుకుంటారు. ఇంకొందరికి ఒళ్లు లావుగా కనపడుతుందని నచ్చదు. ఏది మంచిదో మనం తీర్పు చెప్పక్కర్లేదు, రెండూ ఒకే చీర అని చూపిస్తే చాలు.

బరువు కూడా ఇందుకే. నిరుడు ఒకే పడుగు మీంచి వచ్చిన చీరల్లో ఒకటి తీసి, తూచి, ఉతికి, ఆరేసి మళ్లీ తూచాను. 80వ నంబరు నూలు, పడుగూ పేకా రెండూ అదే, చిన్న గోపురాల నిజాం అంచు. కొత్తప్పుడు 440 గ్రాములు, ఉతికాక 405. పోయిన 35 గ్రాములూ గంజే. పన్నా 117 నుంచి 114కి, పొడవు 548 నుంచి 532కి వచ్చాయి. ఈ అంకెలు నా పడుగువి, మీ చీరకు ఇవే పెట్టెయ్యకండి. నేసిన మగ్గం, దారం, గంజి మారితే అన్నీ మారతాయి. ఒక్కో పడుగుకు ఒక్కో చీరను ఇలా ఉతికి నాకే ఉంచుకుంటాను. ఖర్చే, కానీ వెనక్కి వచ్చే పార్శిల్ ఒక్కదాని కన్నా తక్కువే.

డ్రయ్యర్ సంగతి వేరు. మా పెద్దమ్మాయి డాలస్‌లో ఉంటుంది. అదే పడుగులో ఇంకో చీర తనకిచ్చి, అక్కడివాళ్లు ఉతికినట్టే మెషీన్‌లో వేసి డ్రయ్యర్‌లో ఆరెయ్యమన్నాను. పన్నా 111కి దిగింది, ముడతలు ఇస్త్రీకి కూడా పూర్తిగా పోలేదు. అందుకని నా వివరణలో ‘ఉతికాక’ అంటే చల్లటి నీళ్లలో చేత్తో ఉతికి, నీడన ఆరేసి, కాస్త తడిగా ఉన్నప్పుడే ఇస్త్రీ చేస్తే అని స్పష్టంగా ఉంటుంది. డ్రయ్యర్‌లో వేస్తే ఇంకో మూడు సెంటీమీటర్లు పోతాయని కూడా ఉంటుంది. ‘డ్రయ్యర్ వాడొద్దు’ అని ఊరికే రాస్తే ఎవరూ వినరు. ఎంత పొట్టి అవుతుందో చెబితే వింటారు.

ఉతికాక అంచు అలలు అలలుగా వచ్చిందని ఫిర్యాదు వస్తే కారణం రెండింటిలో ఒకటి. నూలు ముడుచుకుంటుంది, జరీ అంతగా ముడుచుకోదు. మిగిలిపోయిన జరీ అంచు వంకర తిరుగుతుంది. ఇది కొద్దిగా ఉంటుంది, తడిగా ఇస్త్రీ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. రెండోది మనం కుట్టించే ఫాల్. ఫాల్ బట్టను ముందు తడిపి ఆరేయకుండా కుట్టేస్తే, మొదటి ఉతుకులో ఫాల్ ఎక్కువ ముడుచుకుని అంచును లోపలికి లాగేస్తుంది. ఇది ఎన్ని సార్లు ఇస్త్రీ చేసినా పోదు, ఫాల్ విప్పి మళ్లీ కుట్టాల్సిందే. ఏది ఏదో తెలియాలంటే చూడండి: అల చీర పొడవునా రెండు అంచులకూ ఉంటే జరీ, కింది అంచుకు ఫాల్ ఉన్నంత మేరే ఉంటే ఫాల్. విదేశాలకు పంపే చీరకు ఫాల్ కుట్టి పంపుతుంటే, ‘ఫాల్ తడిపి ఆరేసి కుట్టాం’ అని రాయండి. అలా నిజంగా చేయించాకే రాయండి.

పలచన. మంగళగిరి కాటన్ ఒక పొరలో కొంత పలచగానే ఉంటుంది, లేత రంగుల్లో ఇంకా తెలుస్తుంది. దాచకండి. కానీ ఎక్కడ పలచగా ఉంటుందో చెప్పండి. కట్టుకున్నాక కింద వెనకవైపు రెండు చుట్లు ఉంటాయి, ముందు కుచ్చిళ్లలో పొర మీద పొర ఉంటుంది. ఒకే పొర కనపడేది పైట దగ్గర, నడుం పక్కన. నేను పేపరు పరిచి, దాని హెడ్డింగు మీద చీరను ఒక పొర, రెండు పొరలు వేసి ఫోటో తీస్తాను. ఒక పొరలో అక్షరాలు చదవగలుగుతాం, రెండో పొర వేశాక మరకల్లా కనపడతాయి. కిటికీ వెలుగులో తెల్ల లంగా మీద, చీర రంగు లంగా మీద ఒక్కో ఫోటో తీస్తే, లేత రంగు చీరకు ఏ లంగా వేసుకోవాలో వాళ్లే తేల్చుకుంటారు. అక్కడ చాలామంది ఒంటికి పట్టేసే సింథటిక్ లంగాలు వేసుకుంటున్నారు. పొడిగా ఉండే చలికాలంలో నూలు చీర దానికి అంటుకుని కుచ్చిళ్లు నడకలో కాళ్లకు పట్టేస్తాయి. ‘నూలు లంగా మంచిది’ అని ఒక వాక్యం చేర్చండి.

రెండు రంగుల చీర అయితే, అంటే పడుగు ఒక రంగు పేక ఒక రంగు అయితే, కుచ్చి మడతలో ఒక రంగు, వెలుగు పడే చోట ఇంకో రంగు కనపడుతుంది. నెమలి కంఠం రంగు అని మనం సులువుగా అనేస్తాం, వాళ్లకు ఆ మాట ఏమీ చెప్పదు. పడుగు నీలం, పేక ఆకుపచ్చ అని విడివిడిగా రాసి, పరిచిన ఫోటో ఒకటి, కుచ్చి పెట్టిన ఫోటో ఒకటి ఇవ్వండి.

మొత్తం కలిపితే నా వివరణ ఇలా ఉంటుంది. ఇంగ్లీషులో పెడతాను, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను:

‘మంగళగిరి చేనేత నూలు చీర, 80వ నంబరు నూలు, నిజాం జరీ అంచు. కొత్తప్పుడు: పన్నా 117 సెం.మీ. (46 అంగుళాలు), కట్టుకునే పొడవు 548 సెం.మీ., జాకెట్టు ముక్క 80 సెం.మీ. విడిగా, లోపలి చివర. మొత్తం బరువు 440 గ్రాములు. చేత్తో ఉతికి నీడన ఆరేశాక: పన్నా 114 (45 అంగుళాలు), పొడవు 532, బరువు 405. డ్రయ్యర్‌లో వేస్తే పన్నా 111. మొదటి రెండు మూడు కట్టుల్లో గంజి వల్ల కుచ్చిళ్లు నిలబడతాయి, చప్పుడు చేస్తాయి. ఉతికాక మెత్తబడి కాళ్లకు దిగుతాయి. పైట దగ్గర ఒక పొర కాస్త పలచగా ఉంటుంది. తుంటి 115 సెం.మీ. పైన ఉన్నవాళ్లు జాకెట్టు ముక్క కత్తిరించకుండా కట్టుకుంటే కుచ్చిళ్లు నిండుగా వస్తాయి. అంచు వెంట కనపడే సన్నని చిల్లులు మగ్గం గుర్తులు.’

ఇంత రాస్తే ఆర్డర్లు తగ్గుతాయేమో అని నేనూ భయపడ్డాను. మొదటి నెలలో కొంచెం తగ్గాయి కూడా. తగ్గినవి ఎవరివో చూస్తే, జార్జెట్‌లా జారే చీర కోసం వెతుకుతున్నవాళ్లవి. వాళ్లకు పంపి ఉంటే ఆ చీరలు నా దగ్గరికే తిరిగి వచ్చేవి.

ఒక పరిమితి చెప్పాలి. నేను చెప్పినదంతా నూలు పడుగు, నూలు పేక ఉన్న చీరకే. మంగళగిరిలోనే నేసే పట్టు కలిసిన చీర తీరు వేరు. పట్టు ఉతికితే అంతగా ముడుచుకోదు, నూలు ముడుచుకుంటుంది, అందుకని పొడవు, పన్నా ఒకే లెక్కన తగ్గవు. దాన్ని చేత్తో కూడా ఉతకొద్దని, డ్రై క్లీనింగ్‌కే ఇవ్వమని నేను రాస్తాను. అలాంటి చీరకు పైన చెప్పిన అంకెలు వాడొద్దు. ఉతికిన వరుస లేకుండా కొత్త చీర కొలతలు మాత్రమే ఇవ్వండి.

మీ స్టాక్‌లో ఒకే పడుగువి ఎన్ని చీరలున్నాయో ముందు విడదీయండి. ఒక్కో పడుగు నుంచి ఒకటి తీసి, మూడు చోట్ల పన్నా కొలిచి, తూచి, ఉతికి, మళ్లీ కొలవండి. ఆ అంకెలు ఇక్కడ పెడితే, మీకు వెనక్కి వచ్చిన ‘పొట్టి’ చీర కొత్తప్పుడే పొట్టిదో, ఆవిడ డ్రయ్యర్‌లో వేశాక పొట్టి అయ్యిందో చూసి చెబుతాను. ఆ చీరను మాత్రం అప్పటిదాకా ఉతకకండి, ఇస్త్రీ చేయకండి.